మా చెల్లి అడ్వాన్సూ, గోడ మీద గాజు ముక్కా

నాది సామాన్ల బండి. ఇల్లు మారేవాళ్ళ మంచాలు, బీరువాలు, పూలకుండీలు ఒక చోట ఎక్కించి ఇంకో చోట దింపడం నా పని. ఈ పనిలో ఇంటి ఓనర్లని చూసినన్ని రకాలుగా నేను మా చుట్టాల్ని కూడా చూడలేదు. ఇల్లు ఇచ్చేటప్పుడు ఒక మొహం, ఖాళీ చేసేటప్పుడు ఇంకో మొహం. అడ్వాన్స్ పుచ్చుకున్న చెయ్యీ, తిరిగివ్వాల్సిన చెయ్యీ ఒకే మనిషివేనా అని అనుమానం వస్తుంది. కానీ ఇది ఓనర్లని తిట్టే కథ కాదు. మా చెల్లి తన అడ్వాన్స్ కోసం తిరిగిన రోజుల్లో నేనొక సంగతి చూశాను. అది తల్చుకుంటే ఇప్పటికీ ఒంటి మీద వెంట్రుకలు లేస్తాయి. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మా చెల్లి టైలర్. మొగుడు పోయాక మెషిన్ మీదే బతుకు లాక్కొచ్చింది. ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని, కరెంటు మెషిన్లు మూడు వేసుకుని, స్కూలు పిల్లల యూనిఫాంలు కుడుతుంది. ఉండేది కూడా అక్కడే. ముందు గదిలో మెషిన్లు, వెనక గదిలో కాపురం. ఆ ఇంటి ఓనరు ఒక పెద్దాయన, ఏదో కంపెనీలో స్టోర్స్ చూసి రిటైరయ్యాడు. పైన ఆయనా, ఆయన భార్యా ఉంటారు. కింద మా చెల్లి. బాబాయ్ గారూ, పిన్నిగారూ అని పిలిచేది. ఆయన కూడా అమ్మాయ్ అమ్మాయ్ అంటూ బాగానే ఉండేవాడు. మెషిన్లు పెట్టుకుంటానని ముందే చెప్పి, అగ్రిమెంటులో రాయించుకునే దిగింది.

పని పెరిగింది, గది చాలట్లేదు. మెయిన్ రోడ్డు దగ్గర మందుల షాపావిడ ఇంటి వెనక పెద్ద గది ఖాళీ ఉందని తెలిసింది. అద్దె పర్లేదు, కానీ అడ్వాన్స్ గట్టిగా అడిగింది. ఇలాంటప్పుడు మనలాంటివాళ్ళం ఏం చేస్తాం? పాత ఇంటి అడ్వాన్స్ వస్తే కొత్త ఇంటికి కడతాం. ఒకరి దగ్గర్నుంచి తీసి ఇంకొకరి చేతిలో పెట్టడమే. మధ్యలో మన చేతికి ఆ డబ్బు వాసన కూడా అంటదు. మందుల షాపావిడకి కొంచెం కట్టి, మిగతాది పాత అడ్వాన్స్ రాగానే ఇస్తానని మాటిచ్చింది.

రూలు ప్రకారం ముందుగా నోటీసిచ్చింది. ఆఖరి రోజు గదులు కడిగించింది, ఫోటోలు తీసింది, మీటరు రీడింగ్ ఇద్దరూ చూసుకున్నారు. తాళాలు ఇచ్చి, ఇచ్చినట్టు ఆయన చేత సంతకం కూడా పెట్టించుకుంది. మా చెల్లి ఏ పని చేసినా అంచు మడిచి కుట్టినట్టే చేస్తుంది.

కానీ ఒక్క తప్పు చేసింది.

మెషిన్లున్న గదిలో కిటికీ మూల నుంచి పైకి, ఏటవాలుగా, ఒక పగులు ఉండేది. చేరినప్పుడు లేదు. ఏడాదిన్నర కిందట వెంట్రుకలా మొదలై, పోనుపోను దారంలా, తాడులా అయింది. చెల్లికి చిరుగు కనబడితే రఫూ చెయ్యకుండా ఉండలేదు, అది దాని రోగం. మన చొక్కా మీద సన్న చిల్లు ఉంటే, మాట్లాడుతూనే చూపు అటే పోతుంది. ఖాళీ చేసే ముందు ఆ పగులు చూసి, ఇలా వదిలేస్తే బాగోదనుకుని, తనే పుట్టీ కొనుక్కొచ్చి పూసింది. ఉప్పు కాగితంతో రుద్ది, గోడ రంగు సరిగ్గా కలుపుకుని పైన వేసింది. నాకే చూపించింది, ఎక్కడుందో కనుక్కో అన్నయ్యా అని. నేను కనుక్కోలేకపోయాను.

పెద్దాయన కనుక్కున్నాడు. ఎందుకంటే తాళాలిచ్చిన కొద్ది రోజులకే ఆ పుట్టీ నిలువునా చీలిపోయింది.

మొదట వారం ఆగమన్నాడు. తర్వాత మేస్త్రీని పిలిచి లెక్క కట్టించానన్నాడు. ఆఖరికి చెల్లి వెళ్తే గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు. నేను పక్కనే ఉన్నా.

"నీ మెషిన్లు రోజంతా దడదడలాడితే గోడ ఏమవుతుందమ్మాయ్? ఆ గోడ పడగొట్టి కట్టాలిట. నీ అడ్వాన్స్ దానికే చాలదు. ఇంకా నువ్వే నాకు ఇవ్వాలి."

"బాబాయ్ గారూ, మెషిన్లు పెడతానని చెప్పే దిగాను కదా."

"పెట్టుకోమన్నాను, ఇల్లు కూల్చుకోమన్నానా? తప్పు నీది కాకపోతే దొంగచాటుగా ఎందుకు పూశావ్? నీకు తెలుసు కాబట్టే పూశావ్."

నేను గొంతు పెంచబోతే చెల్లి నా మోచెయ్యి పట్టుకుని బండి దాకా లాక్కొచ్చింది.

ఇక చూసుకోండి. ఖాళీ చేసిన రోజే మెషిన్లు మూడూ మా హాల్లోకి వచ్చాయి. మా ఆవిడ మొదటి రోజు, పాపం వదినా అంది. నాలుగో రోజు, "టీవీ చూడాలంటే మెషిన్ మీద నుంచి చూడాలి, మీ మొహం చూడాలంటే గుడ్డల గుట్ట తియ్యాలి, రెండో దానికి నాకేం తొందర లేదనుకోండి" అంది. స్కూళ్ళు తెరిచే టైం దగ్గర పడుతోంది. కుట్టేవాళ్ళిద్దరూ మా వంటింటి గుమ్మంలో కూర్చుని గుండీలు కుడుతున్నారు. అలా చేస్తే ఆర్డరు సగం కూడా తెమలదు. మందుల షాపావిడ ఫోన్ మీద ఫోన్. వేరేవాళ్ళు అడుగుతున్నారమ్మా, నేనెన్నాళ్ళని ఆపను అని. ఆ గది పోతే ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే వచ్చే ఏడాది ఆ స్కూలు ఇటువైపు చూడదు. మా చెల్లి బతుకంతా ఆ అడ్వాన్స్ అనే పిన్నీసు మీద వేలాడుతోందన్నమాట.

ముందు ఆయనకి రిజిస్టర్ పోస్టులో ఉత్తరం పంపింది. జవాబు లేదు. అప్పుడు ఇంటి అద్దె తగాదాలు చూసే ఆఫీసులో అప్లికేషన్ పెట్టింది. అగ్రిమెంటు, బ్యాంకులో కట్టిన కాగితం, తాళాలిచ్చిన సంతకం, ఫోటోలు అన్నీ జత చేసి. వకీలు అక్కర్లేదన్నారు. నాకు నమ్మకం కుదర్లేదు. వకీలు లేకుండా మనలాంటి వాళ్ళ మాట వినే ఆఫీసు ఉంటుందా అనుకున్నా.

పిలిచిన రోజు నేనూ వెళ్ళాను. కోర్టంటే ఎత్తు బల్ల, నల్ల కోట్లు ఊహించుకున్నా. తీరా చూస్తే మామూలు గది. పొడుగు బల్ల, ఒకవైపు మేము, ఇంకోవైపు పెద్దాయన, చివర్న ఒక మేడమ్. జుట్టు సగం నెరిసింది. ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద కళ్ళజోడు పెట్టె బరువుగా పెట్టుకుంది. ఆవిడే తీర్పు చెప్పేది.

పెద్దాయన ముందు గోడల మీద మేకుల గుర్తులు, రంగు మాసిపోవడం అన్నీ ఏకరువు పెట్టాడు. మేడమ్ విని, "అవి మనుషులుంటే వచ్చేవేనండీ. దానికే కదా మీరు అద్దె తీసుకున్నది. పగులు సంగతి చెప్పండి" అంది.

ఆయన మేస్త్రీ రాసిచ్చిన అంచనా కాగితం ముందు పెట్టాడు.

"ఇది బాగు చేయించడానికి ఎంతవుతుందో చెప్తోంది," అంది మేడమ్. "ఎవరి వల్ల పగిలిందో చెప్పట్లేదు. అడ్వాన్స్‌లోంచి పట్టుకోవాలంటే ఆవిడ వల్లే పాడైందని మీరు చూపించాలి."

"ఆవిడే పుట్టీ పూసిందండీ. ఇంతకన్నా ఏం చూపించను?"

మేడమ్ చెల్లి వైపు తిరిగింది. "పూశారా?"

"పూశానండి."

"ఎందుకు?"

"చూడ్డానికి బాగోలేదని."

పెద్దాయన నవ్వాడు. మేడమ్ నవ్వలేదు. కాసేపు కాగితాలు చూసి, "ఇద్దరూ ఒప్పుకుంటే ఇవాళే తేల్చేస్తాను. సగం ఆయన ఉంచుకుని సగం మీకిస్తే మీకేమైనా ఇబ్బందా? ఆలోచించుకోండి. బలవంతం లేదు" అంది.

పెద్దాయన కాసేపు గడ్డం గోక్కుని, సరే అన్నాడు. నేను చెల్లి చెవిలో, "తీసుకో, చేతికొచ్చింది తీసుకో. మిగతాది నేను ఎక్కడో తెస్తా" అన్నా. నిజానికి ఎక్కడ తెస్తానో నాకే తెలీదు. కానీ అది తల దించుకుని తన చేతివేళ్ళు చూసుకుంటోంది. సూది గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడ్డ వేళ్ళు.

"మేడమ్, మా మెషిన్ల వల్లే పగిలిందో కాదో తెలుసుకునే దారేమైనా ఉందా?" అని అడిగింది.

"ఉంది. మా ఇంజనీరు చూస్తారు. కానీ టైం పడుతుంది. మీ వల్లే అని తేలితే ఇప్పుడు వచ్చే సగం కూడా రాకపోవచ్చు."

"తెలుసుకోవాలండి."

బయటికొచ్చాక నేను తిట్టాను. నీకు పొగరా, పిచ్చా అని. చెల్లి టీ గ్లాసు అలాగే పట్టుకుని నెమ్మదిగా చెప్పింది.

"అన్నయ్యా, నాకు కూడా అనుమానంగా ఉంది. ఒక్కోసారి మూడు మెషిన్లూ ఒకేసారి వేస్తే టీ గ్లాసు బల్ల మీద జరిగేది. నా వల్లే పగిలుంటే సగం తీసుకోవడం కూడా తప్పే. నా వల్ల కాకపోతే సగం వదులుకోవడం ఎందుకు?"

చిన్నప్పుడు దీని ముక్కు తుడిచిన చెయ్యి నాది. దాని పక్కన కూర్చుని, ఇది నా చెల్లేనా అన్నట్టు చూశాను.

ఇంజనీరు గారొచ్చారు. సన్నగా, ఎండకి కమిలిన మనిషి, భుజాన గుడ్డ సంచి. పెద్దాయన తాళం తీశాడు. ఖాళీ గదిలో మా అడుగుల చప్పుడు మాకే పెద్దగా వినిపించింది. ఇంజనీరు పగులు చూశాడు. పుట్టీ చీలిక చూశాడు.

"పూసింది మేం ఖాళీ చేసేటప్పుడు. చీలింది తర్వాత. అంటే గోడ మా మెషిన్లు లేకుండానే కదిలినట్టు కాదా?" నేను ఎగిరి గంతేసినట్టు అడిగాను.

"పుట్టీ ఎండినప్పుడు కూడా చీలుతుందండీ. దాన్ని నమ్మలేం," అన్నాడు. నా గాలి తీసేశాడు.

ఉలితో పగులు మీద సిమెంటు పూత కొంచెం ఒలిచాడు. లోపల ఇటుక కనబడింది. పగులు పూతలో ఆగలేదు, ఇటుకలోంచే పోయింది. సంచిలోంచి సన్నటి గాజు ముక్కలు తీశాడు, వేలంత పొడుగు. ఒకటి పగులుకి అడ్డంగా, ఇటు చివర ఒక ఇటుకకి, అటు చివర ఇంకో ఇటుకకి అంటించాడు. దానికి ఇంకొంచెం పైన, పగులు మీదే మరొకటి. పగుల్లేని గోడ మీద కూడా ఒకటి అంటించాడు. అదెందుకని అడిగితే, గాజే నాసిదైతే అక్కడ తెలిసిపోతుందన్నాడు. పక్కన గోడ మీద ఆ రోజు తేదీ పెన్సిల్‌తో రాశాడు.

"ఇదేమిటండీ?" పెద్దాయన అడిగాడు.

"గాజు సాగదు, వంగదు. గోడ జుట్టంత కదిలినా విరిగిపోతుంది. గది తాళం నా దగ్గర ఉంటుంది. మెషిన్లు లేవు, మనుషులు లేరు. అప్పుడు కూడా గాజు విరిగిందంటే గోడ దానంతట అది కదులుతున్నట్టు. విరగకుండా ఉంటే, కదిలించే వస్తువు ఇక్కడి నుంచి వెళ్ళిపోయిందేమో అని ఆలోచించాల్సి వస్తుంది."

పెద్దాయన మొహం వికసించింది. "పెట్టండి, పెట్టండి. నాకూ అదే కావాలి" అన్నాడు. ఆయన మోసగాడు కాదని అప్పుడు నాకు తెలిసింది. ఆయన నిజంగానే నమ్ముతున్నాడు, మా చెల్లే తన ఇల్లు పగలగొట్టిందని. తాళాన్ని కవర్లో పెట్టి అతికించి, పైన పెద్దాయనా చెల్లీ సంతకాలు పెట్టారు. ఇంజనీరు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత ఎదురుచూపు. దాని గురించి ఏం చెప్పను. ఆ వేలంత గాజు నా తలకాయలో అంటించినట్టుండేది. బండి తోలుతుంటే గతుకులో పడ్డప్పుడల్లా విరిగిందా అనుకునేవాణ్ణి. విరగాలని కోరుకోవడమేంటో, అదీ ఒకరి ఇల్లు. మా ఆవిడ కూడా వంటింట్లోంచి, "ఏమైంది ఆ గాజు?" అని అడిగేది, ఎవరికో పురుడు వచ్చే టైం అయినట్టు. మందుల షాపావిడకి చెల్లి స్వయంగా వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ విని, తల పట్టుకుని, నువ్వు మనిషివా ఇంకేమైనానా అని, ఈ నెలాఖరు వరకే ఆగుతానంది.

ఇంజనీరు మళ్ళీ రమ్మన్న రోజు అందరం వెళ్ళాం. మేడమ్ కూడా వచ్చింది. కవరు అందరికీ చూపించి చింపాడు, తాళం తీశాడు. కిటికీ తలుపు తెరిచేసరికి వెలుతురు ఆ గోడ మీద పడింది.

పగుల్లేని చోట పెట్టిన గాజు పెట్టినట్టే ఉంది.

పగులు మీద పెట్టిన గాజులు రెండూ విరిగిపోయాయి.

ఎవ్వరూ ముట్టుకోలేదు. గదిలో సాలెగూడు తప్ప ఏమీ లేదు. కిందది చిన్న గీతలా విరిగింది. పైదాని రెండు ముక్కల మధ్య వేలిగోరు పట్టేంత సందు. నేను ఆ సందు వైపు అలా చూస్తుండిపోయాను. మేం తిన్నాం, పడుకున్నాం, గుండీలు కుట్టాం, ఫోన్లలో గొడవ పడ్డాం. అన్ని రోజులూ ఇక్కడ, తాళం వేసిన గదిలో, ఇంత పెద్ద ఇల్లు చప్పుడు చెయ్యకుండా కదులుతూనే ఉంది. గోడలకి చెవులుంటాయంటారు. నాకు ఆ రోజు గోడకి కాళ్ళున్నాయనిపించింది.

మేడమ్ కూడా చేత్తో ముట్టుకోకుండా దగ్గరికి వంగి చూసింది. పెద్దాయన ఒక్కడే మాట్లాడాడు.

"పైదానికి ఎక్కువ సందుందేం?"

"అదే చూడాలి," అన్నాడు ఇంజనీరు. "పైన మీరుండే గది చూడొచ్చా?"

పైకి వెళ్ళాం. ఆ మూల పడగ్గది. బీరువా ఉంది. ఇంజనీరు అడిగితే నేనూ పెద్దాయనా పట్టుకుని జరిపాం, బీరువాలు జరపడం నాకు అలవాటే. వెనక గోడ చూసి పిన్నిగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కింద గదిలో సన్న తాడంత ఉన్న పగులు, ఇక్కడ నా బొటనవేలు దూరేంత ఉంది. నేను వంగి చూస్తే అందులోంచి వెలుగు కనబడింది. బయటి వెలుగు. ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలు కనబడ్డాయి.

"పైకి పోయేకొద్దీ వెడల్పవుతోంది. మూల కిందికి దిగిపోతూ బయటికి ఒరుగుతోంది," అన్నాడు ఇంజనీరు. "మెషిన్ల అదురుకి పూత రాలొచ్చు. పునాది దిగదు. ఈ పక్కన బాత్రూమేనా?"

బాత్రూమే. అక్కడి నీళ్ళు గొట్టంలో కిందికి దిగి, భూమిలోంచి గేటు దగ్గర గుంటలోకి వెళ్ళాలి. ఇంజనీరు గుంట మీద రాయి తీయించి, మమ్మల్ని దాని చుట్టూ నిలబెట్టాడు. పైన పిన్నిగారిని బకెట్ నిండా నీళ్ళు పొయ్యమన్నాడు. పైన నీళ్ళు పోసిన చప్పుడు విన్నాం. గొట్టంలో దిగుతున్న గలగల విన్నాం. భూమి వరకూ వచ్చింది. తర్వాత చప్పుడు లేదు.

గుంటలోకి తొంగి చూస్తూ నిలబడ్డాం. సన్నటి తడి ఒకటి పాకింది, అంతే.

"ఇంకోటి పొయ్యండమ్మా," అని అరిచాడు.

ఇంకో బకెట్. గలగల. మళ్ళీ అదే తడి.

"ఏవీ నీళ్ళు?" పెద్దాయన గుంటలోకి ఇంకా వంగాడు.

ఇంజనీరు ఇంటి మూల వైపు, కాళ్ళ కింద నేల వైపు చూపించాడు. "అక్కడికే. గొట్టం లోపల విరిగింది. మీరు స్నానం చేసిన ప్రతిసారీ ఆ నీళ్ళు మీ పునాది కింద మట్టిని కొంచెం కొంచెం తీసుకుపోతున్నాయి. ఎన్నాళ్ళ నుంచో."

నేను అప్రయత్నంగా ఒకడుగు వెనక్కి వేశాను. అంత పెద్ద ఇల్లు, రెండంతస్తులు, అందులో బీరువాలు, మంచాలు, ముసలి మొగుడూ పెళ్ళాం, కింద మా చెల్లీ దాని మెషిన్లూ. ఇవన్నీ రోజూ పోసుకునే చెంబుడు నీళ్ళ మీద జారుతూ ఉన్నాయి. ఎవరికీ తెలీదు. సామాన్లు మోసేవాణ్ణి కదా, బరువంటే నాకు తెలుసనుకునేవాణ్ణి. ఆ నిమిషం ఆ మేడ వైపు తలెత్తి చూస్తే, బరువంటే ఏంటో అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టుంది.

పెద్దాయన గుంట గట్టు మీద కూర్చుండిపోయాడు. ఇంకా నీళ్ళు వస్తాయేమో అన్నట్టు అందులోకే చూస్తున్నాడు. ఇంజనీరు ఆ పైగదిలో పడుకోవద్దని, బాత్రూము వాడొద్దని, గొట్టం ఇవాళే కట్టించమని చెప్తున్నాడు. ఆయన తల ఊపుతున్నాడు కానీ వింటున్నట్టు లేదు.

మర్నాడు ఆఫీసులో మేడమ్ చదివి వినిపించింది. పగులుకి అద్దెకున్నావిడ కారణం కాదు. కట్టాల్సిన ఆఖరి కరెంటు బిల్లు మాత్రం తీసుకుని మిగతా అడ్వాన్స్ మొత్తం తిరిగివ్వాలి. గడువు కూడా ఇచ్చింది. పెద్దాయన గడువు వాడుకోలేదు. "ఆ డబ్బు ముట్టుకోలేదండీ. గోడకే కదా అని బ్యాంకులో ఉంచాను" అని అక్కడే ఫోన్ తీశాడు. పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టాడు. చెల్లి ఫోన్ టింగుమంది. అది చూసుకుని కళ్ళు మూసుకుంది, అంతే.

నేను గెలిచామని గట్టిగా అందామనుకున్నా. కానీ పెద్దాయన్ని చూసి, బల్ల మీది మా కాగితాలు సర్దడం మొదలుపెట్టాను.

బయట మెట్ల మీద పెద్దాయన ఆగాడు. "అమ్మాయ్, కిందున్నన్నాళ్ళూ నీకేమీ తెలియలేదా? ఏ చప్పుడైనా, ఏదైనా?"

చెల్లి కాగితాల సంచి భుజానికి తగిలించుకుంది. "తెలిసింది బాబాయ్ గారూ. కిటికీ తలుపు పట్టేసేది. మెషిన్ నూనె వేసి తెరిచేదాన్ని. నేల మీద దారపు రీలు పెడితే ఎప్పుడూ ఆ మూలకే దొర్లేది. నా వర్కర్లు నవ్వుకునేవాళ్ళు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నా మెషిన్ల వల్లే అని అడ్వాన్స్ పట్టుకుంటారేమోనని."

ఆయన మెట్టు మీదే నిలబడ్డాడు. "నువ్వు చెప్పుంటే అప్పుడే చూసుకునేవాణ్ణి," అన్నాడు. మళ్ళీ తనే, చాలా నెమ్మదిగా, "చూసుకునేవాణ్ణా? ఏమో. నువ్వన్నట్టే అనేవాణ్ణేమో" అన్నాడు.

చెల్లి ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. పిన్నిగారిని ఆ గదిలో పడుకోనివ్వకండి, మంచం ముందు గదిలోకి వేసుకోండి అని రెండుసార్లు చెప్పింది. ఆయన అలాగేనమ్మా అంటూ వెళ్ళిపోయాడు.

అక్కడి నుంచి ఇంటికొచ్చి, మెషిన్లు బండిలోకి ఎక్కించి, మందుల షాపుకి. మిగతా అడ్వాన్స్ పంపించేసింది. ఆవిడ హమ్మయ్య అని కాగితం తీసి, ఇక్కడ సంతకం అంది. చెల్లి పెన్ను తీసుకుంది కానీ సంతకం పెట్టలేదు.

"ఆంటీ, ఒకటి అడుగుతాను. గదిలో ఎక్కడైనా పగులు కనబడినా, తలుపు పట్టేసినా మీకు వచ్చి చెప్తాను. చెప్పినందుకు నా అడ్వాన్స్ పట్టుకోనంటే సంతకం పెడతా."

ఆవిడ ఎగాదిగా చూసింది. "చెప్పకపోతే పట్టుకుంటాను," అంది. తర్వాత కౌంటరు మీది పెన్సిల్ తీసుకుని, "పద, ఉన్నవన్నీ ఇప్పుడే చూసుకుందాం. తర్వాత నువ్వూ నేనూ గుర్తులేదనుకోకూడదు" అంది.

ఇద్దరూ ఖాళీ గదిలోకి వెళ్ళారు. నేను బండిలో మెషిన్లు పెట్టుకుని వాకిట్లోనే ఆగాను. తలుపులోంచి కనబడుతున్నారు. గోడ పొడుగునా అరచేతులు రాసుకుంటూ, మూలలు తడుముతూ, కిటికీ తలుపులు తెరుస్తూ మూస్తూ. దొరికిన ప్రతి వెంట్రుకంత పగులు పక్కనా మందుల షాపావిడ పెన్సిల్‌తో గుర్తు పెడుతోంది. చెల్లి ఒకచోట ఆగి, నేల మీద మోకాళ్ళూని, దారపు రీలు ఒకటి పెట్టి వదిలింది.

అది కదల్లేదు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి దాన్నే చూస్తున్నారు. నేనూ బండి దిగి గుమ్మంలో నిలబడి చూస్తున్నా.